ఫిట్స్ మందు వాడుతూ పిల్లల కోసం ప్లాన్ చేస్తుంటే ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి వేసుకోవాలి?

"పెళ్లయి రెండేళ్లయింది, ఇప్పుడు పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం. ఫిట్స్‌కి కాలేజీ రోజుల నుంచి ఫెనిటాయిన్ వాడుతున్నాను. గైనకాలజిస్టు ఇప్పుడే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమన్నారు. ఇంకా ప్రెగ్నెన్సీయే రాలేదు కదా, ఇప్పటి నుంచే ఎందుకు? ఆకుకూరలు బాగానే తింటాను, అవి చాలవా? వీకెండ్‌లో ఒకటి రెండు డ్రింక్స్ తీసుకుంటాను, దానివల్ల ఏమైనా ఇబ్బందా?"

ఇప్పుడే మొదలుపెట్టండి. నేను హైదరాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, రోజంతా రక్తం శాంపిళ్లతోనే పని. మా తమ్ముడి భార్య కూడా ఏళ్ల తరబడి ఫెనిటాయిన్ వాడింది. ఆమె రిపోర్టులు మా దగ్గరే చేశాం కాబట్టి ఆ అనుభవంతో రాస్తున్నాను. మందుల డోసు మాత్రం మీ డాక్టర్లే చెప్పాలి.

ముందు తేదీల లెక్క చూడండి, "ఇప్పటి నుంచే ఎందుకు" అన్నదానికి జవాబు అందులోనే ఉంది. మీకు జనవరి 1న పీరియడ్ మొదలైందనుకోండి. నెలసరి 28 రోజులకోసారి వచ్చేవాళ్లలో దాదాపు జనవరి 15కి గర్భం నిలుస్తుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళాన్ని న్యూరల్ ట్యూబ్ అంటారు. మొదట అది విప్పిన ఆకులా పరుచుకుని ఉండి, తర్వాత అంచులు దగ్గరికి వచ్చి గొట్టంలా మూసుకుంటుంది. గర్భం నిలిచిన సుమారు 28 రోజులకల్లా, అంటే ఫిబ్రవరి 12 నాటికి, ఆ పని పూర్తయిపోవాలి. మీకు తర్వాతి పీరియడ్ రావాల్సింది జనవరి 29న. రాలేదని ఓ వారం చూసి ఫిబ్రవరి 5న ఇంట్లో టెస్ట్ చేసుకుంటారు. రెండు గీతలు కనిపించాక అత్తగారికి, అమ్మకి చెప్పి, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లేసరికి ఫిబ్రవరి 12 దాటిపోతుంది. అప్పుడు మొదలుపెట్టిన మాత్ర రక్తానికి పనికొస్తుంది గానీ, ఆ నాళం విషయంలో చేయగలిగింది ఏమీ ఉండదు. అది పైన మూసుకోకపోతే మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు, అలాంటి బిడ్డ బతకదు. కింద మూసుకోకపోతే స్పైనా బైఫిడా. దాంతో కాళ్లలో బలం లేకపోవడం, మూత్రం మీద అదుపు లేకపోవడం జీవితాంతం ఉండొచ్చు. చాలాసార్లు ఇది బయటపడేది టిఫా స్కాన్‌లో, అంటే దాదాపు అయిదో నెలలో.

ఇంకో సంగతి కూడా ఉంది. మాత్ర వేసుకున్న మర్నాడే ఒంట్లో ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ రూపంలో మనం మింగే విటమిన్, నిండిపోదు. ఎర్ర రక్తకణం ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడే ఫోలేట్‌ని లోపల నింపుకుంటుంది, ఆ కణం ఆయుష్షు 120 రోజులు. పాత కణాలు పోయి కొత్తవి రావాలంటే నెలలు పడుతుంది. అందుకే కనీసం ఒక నెల ముందు అని రాసే చోట కూడా, వీలైతే రెండు మూడు నెలల ముందు అంటారు డాక్టర్లు.

ఇక ఆకుకూరల సంగతి. మెహదీపట్నం రైతు బజార్లో తెచ్చిన పాలకూరలో ఫోలేట్ బాగానే ఉంటుంది, పచ్చిది 100 గ్రాములకు సుమారు 140 నుంచి 190 మైక్రోగ్రాములు. కానీ ఈ విటమిన్ నీళ్లలో కరుగుతుంది, వేడికి చెడుతుంది. ఉడకబెట్టి నీళ్లు వార్చి పారబోస్తే సగం దాకా వాటితోనే పోవచ్చు. పప్పులో వేసి ఆ నీళ్లతోనే తింటే నయం. మిగిలిన దాంట్లోనూ పేగులు పీల్చుకునేది కొంతే. మాత్రలో ఉండే ఫోలిక్ యాసిడ్ అంతకంటే బాగా ఒంటబడుతుంది. అలసందలు, పెసలు, శనగలు, వేరుశనగలు, గుడ్డు తినడం మంచిదే, మానకండి. కాకపోతే గర్భానికి ముందు రోజూ కావాల్సిన 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ బదులు కూరల మీదే ఆధారపడటం నా దృష్టిలో రిస్కు. అందులోనూ మీ ఒంట్లో ఫోలేట్‌ని తగ్గించే మందు రోజూ పడుతోంది.

మా మరదలి విషయంలో జరిగిందీ అదే. పెళ్లయ్యాక ఎప్పుడూ నీరసం అంటుంటే, అందరూ ఐరన్ తక్కువేమో అన్నారు. సీబీసీలో హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది. ఐరన్ లోపమైతే కణాలు చిన్నబడతాయి. ఆమెకి మాత్రం ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు, 107 ఉంది. 100 దాటితే కణాలు ఉబ్బినట్టు లెక్క. స్లైడ్ వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఎర్రకణాలు పెద్దగా, కోడిగుడ్డు ఆకారంలో కనిపించాయి. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్ అనేదాని కేంద్రకం మామూలుగా మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది. ఆమె స్లైడ్‌లో ఆరు ముక్కలున్నవి కూడా దొరికాయి. సన్నటి దారంతో కలిపిన పూసల్లా ఉంటాయవి, ఒకసారి చూస్తే మర్చిపోరు. కొత్త డీఎన్ఏ తయారవడానికి ఫోలేట్ కావాలి. అది చాలకపోతే కణం పెరుగుతుంది గానీ వేళకు విడిపోలేదు, అందుకే ఈ సైజులు.

కాకపోతే బీ12 తక్కువైనా స్లైడ్ అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకని డాక్టర్ రెండూ రాశారు. బీ12 380 వచ్చింది, అది నార్మలే. సీరం ఫోలేట్ 2.1 వచ్చింది, 3 కంటే తక్కువుంటే లోపం. థైరాయిడ్, లివర్ పరీక్షలు కూడా చేయించారు, వాటివల్లా ఎంసీవీ పెరుగుతుంది కాబట్టి. మీరు టెస్ట్‌కి వెళ్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. సీరం ఫోలేట్ నిన్నటి భోజనాన్ని బట్టి కూడా మారుతుంది, అందుకే మాత్ర మొదలుపెట్టకముందు, పరగడుపున ఇవ్వడం మేలు. ఎర్రకణాల్లో సీరం కంటే ఎన్నో రెట్లు ఫోలేట్ ఉంటుంది. శాంపిల్ తీసేటప్పుడో మోసుకొచ్చేటప్పుడో కణాలు చితికితే రిపోర్టులో ఫోలేట్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్ హీమోలైజ్ అయిందని రాసి ఉంటే మళ్లీ ఇవ్వాల్సిందే. ఇంకోటి, ఐరన్, ఫోలేట్ రెండూ కలిసి తక్కువుంటే చిన్న కణాలూ పెద్ద కణాలూ కలిసిపోయి ఎంసీవీ నార్మల్‌గా కనిపిస్తుంది. మన దగ్గర ఇది తక్కువేం కాదు.

రిపోర్టు చూడగానే "వదినా, ఇవాళే మాత్రలు తెచ్చుకోనా?" అంది. ముందు న్యూరాలజిస్టుకి చూపించమన్నాను. కారణం ఉంది. ఫెనిటాయిన్ ఫోలేట్‌ని తగ్గిస్తుంది సరే, అటు నుంచి కూడా దెబ్బ ఉంది. ఎక్కువ డోసు ఫోలిక్ యాసిడ్ మొదలుపెడితే రక్తంలో ఫెనిటాయిన్ లెవెల్ పడిపోవచ్చు. అన్నేళ్లుగా రాని ఫిట్స్ మళ్లీ రావచ్చు. ఆయన లెవెల్ చేయించి, 5 మిల్లీగ్రాములు రాసి, కొన్ని వారాలకు మళ్లీ లెవెల్ చూశారు. గర్భంలో బిడ్డకి ఫెనిటాయిన్ అంత మంచిది కాదని, ఆమెని నెమ్మదిగా లెవెటిరాసెటామ్ అనే ఇంకో ఫిట్స్ మందుకి మార్చారు. ఆ మార్పుకే కొన్ని నెలలు పట్టింది. అప్పటిదాకా గర్భం రాకుండా జాగ్రత్తపడమన్నారు. ఫిట్స్ మందు మీ అంతట మీరు ఆపడం మాత్రం వద్దు. గర్భంలో పెద్ద ఫిట్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లోనే పెరగడం మొదలైంది, ఎంసీవీ 93కి దిగడానికి ఇంకాస్త టైం పట్టింది. ఆ తర్వాతే పిల్లల కోసం ప్రయత్నించారు. టిఫా స్కాన్ నార్మల్‌గా వచ్చింది. పాప ఇప్పుడు ఎల్‌కేజీ.

ఇది చదివేవాళ్లలో ఫిట్స్‌కి వాల్‌ప్రోయేట్ వాడేవాళ్లు ఉంటే, మీరు ఇంకా ముందే న్యూరాలజిస్టుని కలవాలి. స్పైనా బైఫిడా ముప్పు ఆ మందుతో బాగా ఎక్కువ. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నంత మాత్రాన ఆ ముప్పు పోదు. కీళ్లవాతానికో సోరియాసిస్‌కో మెథోట్రెక్సేట్ వాడేవాళ్లదీ అదే పరిస్థితి. దాంతోపాటు ఫోలిక్ యాసిడ్ ఇచ్చేది మందు వల్ల వచ్చే వాంతులు, నోటిపూత తగ్గడానికే. గర్భానికి అది రక్ష కాదు. ఆ మందుని డాక్టర్ చెప్పినంత ముందుగా పూర్తిగా ఆపాకే ప్లాన్ చేయాలి.

డ్రింక్స్ గురించి ఒక్క మాట. మద్యం పేగుల్లో ఫోలేట్ పీల్చుకోవడాన్ని తగ్గిస్తుంది, కాలేయంలో దాచుకోనివ్వదు, మూత్రంలో ఎక్కువ పోయేలా చేస్తుంది. రోజూ తాగేవాళ్లలో, రాత్రిపూట అన్నం మానేసి మిక్చర్‌తో సరిపెట్టేవాళ్లలో లోపం త్వరగా వస్తుంది, ఎందుకంటే ఫోలేట్ నిల్వలు ఒంట్లో నాలుగు నెలలకు మించి రావు. వారానికి ఒకటి రెండు డ్రింక్స్‌తో ఫోలేట్ అంతగా పడిపోదు. కానీ పైన చెప్పిన లెక్క ప్రకారం, మీకు తెలియకముందే ఆ మద్యం బిడ్డ దాకా వెళ్తుంది. గర్భంలో ఇంతవరకు తాగితే ఏమీ కాదు అని ఎవరూ చెప్పలేరు. ప్లాన్ మొదలైన రోజే మానేయండి.

చివరగా కొనేటప్పుడు. మెడికల్ షాపులో ఊరికే ఫోలిక్ యాసిడ్ అంటే ఎక్కువగా 5 మిల్లీగ్రాముల స్ట్రిప్ ఇస్తారు. ఏ ఇబ్బందీ లేనివాళ్లకి కావాల్సింది 400 మైక్రోగ్రాములే, అంటే దాంట్లో దాదాపు పన్నెండో వంతు. 5 మిల్లీగ్రాములు ముప్పు ఎక్కువున్నవాళ్లకి, అంటే ముందు కాన్పులో బిడ్డకి న్యూరల్ ట్యూబ్ లోపం వచ్చినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి రాస్తారు. ఫిట్స్ మందులు వాడేవాళ్లకి ఎంత ఇవ్వాలన్నది డాక్టర్ని బట్టి మారుతుంది, కాబట్టి మీది మీ న్యూరాలజిస్టు, గైనకాలజిస్టు కలిసి తేల్చాలి. ఎక్కువ డోసు మొదలుపెట్టే ముందు బీ12 చూపించుకోండి, శాకాహారులైతే తప్పకుండా. బీ12 తక్కువున్నవాళ్లకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. మొదటి 12 వారాలు దాటాక సాధారణంగా పెద్ద డోసు ఆపేసి, ఐరన్‌తో కలిసిన మాత్రకి మారుస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. అప్పుడు విడిగా ఇంకో ఫోలిక్ యాసిడ్ కావాలో వద్దో ఆ విజిట్‌లోనే అడిగేయండి.