ఎర్ర లైటు ఉండగా పోలీసు రమ్మంటే వెళ్లాను, చలానా వచ్చింది!

ప్రశ్న: లాయర్ గారూ, నమస్కారమండి. మాది రావులపాలెం దగ్గర. అరటి గెలలు ట్రాలీలో వేసుకుని కాకినాడ వెళుతుంటాను. మొన్న ఒక పెద్ద జంక్షన్లో ఎర్ర లైటు పడితే గీత దగ్గరే ఆగాను. అక్కడున్న కానిస్టేబుల్ గారు నన్ను చూసి చెయ్యి ఊపి రమ్మన్నారు, వెళ్లాను. నాలుగు రోజుల తర్వాత సిగ్నల్ జంప్ అని ఫోనుకి ఈ-చలానా వచ్చింది. ఇంకోసారి పచ్చ లైటు ఉన్నా ఆపేశారు, వెనకాల అందరూ ఒకటే హారన్లు. అసలు లైటు మాట వినాలా, పోలీసు మాట వినాలా? ఈ చలానా కట్టేయమంటారా?

జవాబు: పోలీసు మాటే వినాలి. లైటు బాగా పనిచేస్తున్నా సరే, డ్యూటీలో ఉండి ట్రాఫిక్ నడిపిస్తున్న పోలీసు దానికి విరుద్ధంగా చెయ్యి చూపిస్తే ఆ చెయ్యే చెల్లుతుంది. మీరు చేసింది తప్పు కాదు. చలానా మాత్రం ఇప్పుడే కట్టొద్దు.

చట్టంలో ఇది ఎక్కడుందో చెబుతాను, ఎందుకంటే రేపు మీరు రాయబోయే అర్జీకి ఇదే ఆధారం. మోటారు వాహనాల చట్టం 1988లో 119వ సెక్షన్ ఉంది. విద్యుత్ సిగ్నల్ ఇచ్చే ఆదేశాలనూ, ఆ సమయంలో ట్రాఫిక్ నియంత్రిస్తున్న పోలీసు అధికారి ఇచ్చే ఆదేశాలనూ డ్రైవరు పాటించాలని అది చెబుతుంది. రెండింటినీ పక్కపక్కనే పెట్టింది గానీ, అవి ఒకదానికొకటి ఎదురు తిరిగితే ఏది పైచేయి అన్నది ఆ సెక్షన్ చెప్పలేదు. ఆ లోటును 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలు తీర్చాయి. ట్రాఫిక్ నడిపిస్తున్న పోలీసు ఆదేశానికే సిగ్నల్ లైట్లు, బోర్డులు, రోడ్డు మీద గీతలకన్నా ముందు స్థానం ఇచ్చాయి. మన దేశం 1980లో చేరిన వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ఆరో అధికరణంలోనూ ఇదే ఉంది. దీనికి కారణం తేలికే. లైటు తనకు పెట్టిన టైము ప్రకారం మారుతుంది. అంబులెన్సు వస్తోందనీ, అవతలి రోడ్డు మీద బస్సు చెడిపోయి నిలిచిపోయిందనీ దానికి తెలియదు. నిలబడ్డ మనిషికి తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఆయన చెయ్యి ఊపింది మీకేనా? ఇలాంటి చలానా గొడవల్లో నేను మొదట అడిగేది ఇదే. చెయ్యి భాష సరిగ్గా తెలియక, పక్క రోడ్డు వాళ్లను పిలిస్తే మనల్నే అనుకుని కదిలిపోయేవాళ్లు చాలామంది. డ్రైవింగ్ టెస్టుకి చదివిన ఆ బొమ్మల పుస్తకం మళ్లీ ఎవరూ తెరవరు కదా!

పోలీసు మీకు ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి మీవైపు పెడితే మీరు ఆగాలి. ఆయన వీపు మీవైపు ఉండి, ఎడమచెయ్యి భుజం ఎత్తున పక్కకు చాపితే అది వెనకనుంచి వచ్చేవాళ్లకు, అంటే మీకు, ఆగమని. ఈ రెండూ ఒకేసారి చేస్తే ముందు, వెనక రెండు వైపులా ఆగాలి. రమ్మనడం దీనికి పూర్తిగా వేరు. మొహం మీవైపు తిప్పి, మోచెయ్యి మడిచి, అరచెయ్యి తనవైపు పెట్టి లాక్కున్నట్టు ఊపుతాడు. కాబట్టి చేతికన్నా ముందు మొహం చూడండి. మొహం మీవైపు లేకుండా చెయ్యి ఆడుతోందంటే ఆ పిలుపు మీది కాకపోవచ్చు. మీరు “నన్ను చూసి” అని రాశారు. అర్జీలో ఆ మాట తప్పక ఉండాలి.

పొరపాటున మీకే అనుకుని కదిలినా, మీరు నిజాయితీగా అలా నమ్మారని తేలితే దానికీ రక్షణ ఉంది. చట్టం ప్రకారం తాను చెయ్యక తప్పని పని చేసినా, వాస్తవాన్ని పొరపాటుగా గ్రహించి అలా చెయ్యక తప్పదని మంచి మనసుతో నమ్మి చేసినా నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్ అంటుంది. పాత ఐపీసీలో ఇది 76. కానీ అది కోర్టు దాకా వెళ్లాక వాడుకునే మాట. అంతదాకా రాకముందే పని ముగించుకుందాం.

చలానా తెరిచి ముందు సెక్షన్ చూడండి. ఎర్ర లైటు దాటడాన్ని 2019 సవరణ తర్వాత 184వ సెక్షన్ కింద, ప్రమాదకర డ్రైవింగ్‌గా చూస్తున్నారు. దానికి మొదటిసారి వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ వెయ్యవచ్చు. 119ని పాటించలేదని మాత్రమే పెడితే 177 కింద మొదటిసారికి 500తో పోతుంది. మీ చలానాలో 184 ఉంటే అస్సలు తేలిగ్గా తీసుకోకండి. 184 కేసుల్లో లైసెన్సు తీసుకుని, దాన్ని సస్పెండ్ చెయ్యమని ఆర్టీవోకి పంపే అధికారం 206వ సెక్షన్ పోలీసులకిచ్చింది. బండి మీద బతికేవారికి జరిమానాకన్నా పెద్ద దెబ్బ అదే. డబ్బు కట్టేస్తే తప్పు ఒప్పుకుని రాజీ పడ్డట్టు లెక్క, ఆ తర్వాత వాదించడానికేమీ మిగలదు.

తర్వాత ఫోటో పెద్దది చేసి చూడండి. కెమెరా పట్టుకునేది రెండే సంగతులు. లైటు ఎర్రగా ఉంది, బండి గీత దాటింది. కానిస్టేబుల్ ఏమన్నాడో దానికి పట్టదు. కానీ ఫోటోలోనే మీకు పనికొచ్చేవి దొరుకుతాయి. మీ పక్కన, వెనకాల ఉన్న బండ్లు కూడా కదులుతున్నాయా? అడ్డరోడ్డు మీద బండ్లు వాటి గీత దగ్గర ఆగి ఉన్నాయా? అలా ఉంటే మీ ఒక్కరే సిగ్నల్ తెంచుకుపోలేదనీ, అక్కడెవరో చేత్తో ట్రాఫిక్ నడిపిస్తున్నారనీ చూడగానే తెలుస్తుంది. కెమెరా చలానాలకు 2021లో చేర్చిన 167ఏ నిబంధన ప్రకారం, నేరం జరిగిందన్న రోజు నుంచి 15 రోజుల్లోగా మీకు నోటీసు రావాలి, చలానా తేలేదాకా ఆ ఎలక్ట్రానిక్ రికార్డు భద్రపరచాలి. మీకు నాలుగు రోజుల్లోనే వచ్చింది కాబట్టి గడువు పాయింటు లేదు. రికార్డు దాచాలన్న పాయింటు మాత్రం మీ చేతిలో ఉంది.

echallan.parivahan.gov.in లో ఫిర్యాదు పెట్టే చోటుంది, చలానా నంబరుతో అక్కడ వెయ్యండి. అదే కాగితం మీద రాసి, ఆ జంక్షన్ ఏ ట్రాఫిక్ స్టేషన్ కిందకొస్తుందో అక్కడ ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. ఇలా రాస్తే చాలు:

“ఫలానా తేదీ, ఫలానా సమయానికి నేను రావులపాలెం వైపు నుంచి వచ్చి ఎర్ర లైటు చూసి స్టాప్ లైన్ దగ్గర ఆగాను. యూనిఫాంలో డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ గారు నావైపు తిరిగి చేత్తో రమ్మన్నారు. సెక్షన్ 119 ప్రకారం ఆ ఆదేశం పాటించాను. ఫోటోకి ముందు ఒక నిమిషం, తర్వాత ఒక నిమిషం వీడియో చూడాలని, ఆ సమయంలో అక్కడ డ్యూటీ ఎవరిదో రికార్డు చూడాలని, చలానా రద్దు చేయాలని కోరుతున్నాను.”

ముందు ఒక నిమిషం ఎందుకంటే, మీరు ఆగి ఉన్నారన్నది అందులోనే ఉంటుంది. ఆగి, మళ్లీ కదిలిన బండికీ, ఆగకుండా దూసుకుపోయిన బండికీ తేడా వీడియోలో కనిపించినంతగా ఫోటోలో కనిపించదు. కానిస్టేబుల్ పేరు తెలియకపోయినా ఫరవాలేదు, డ్యూటీ రిజిస్టరు స్టేషన్లో ఉంటుంది. అది ఇవ్వబోమని వాళ్లంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. అర్జీ తోసిపుచ్చి కేసు మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లినా కంగారు పడకండి, ఇదే కట్ట అక్కడా పనికొస్తుంది. ఆ రోజు పక్క సీట్లో మనిషి ఉంటే ఆయన సాక్షి. ఆయన పేరు ఇప్పుడే రాసి పెట్టుకోండి.

పచ్చ లైటుండగా ఆపిన సంగతి. వెనకాల హారన్లు కొట్టినవాళ్లది తప్పు. చెయ్యి ఎత్తి ఉండగా పచ్చ లైటు చూసుకుని వెళ్లిపోతే అది 119కి విరుద్ధం. తెలిసి కావాలనే ధిక్కరించారనుకుంటే 179 కింద రెండు వేల దాకా జరిమానా వెయ్యవచ్చు. ఆ సెక్షన్లో ‘కావాలని’ అన్న మాట ఉంది, కాబట్టి ముందున్న బస్సు అడ్డమొచ్చి చెయ్యి నిజంగా కనబడలేదంటే అది మంచి జవాబే. ఒక్క మినహాయింపు. చెయ్యి లేచే సరికే మీరు గీత దాటి జంక్షన్ మధ్యలో ఉంటే అక్కడ బ్రేకు వెయ్యొద్దు, దాటేసెయ్యండి. గెలల లోడుతో ఉన్న బండి నడిమధ్యలో ఆపితే వెనకవాడు వచ్చి గుద్దుతాడు.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. పోలీసు రమ్మన్నాడంటే వెళ్లడానికి అనుమతి దొరికిందని మాత్రమే. పద్ధతి తెలిసిన కానిస్టేబుల్ ముందు అడ్డరోడ్డును ఆపి, ఆ తర్వాతే మిమ్మల్ని పిలుస్తాడు. ఆ అడ్డరోడ్డుకి అప్పుడు పచ్చ లైటే ఉంటుంది మరి. చెయ్యి చూడని మోటార్ సైకిలు కుర్రాడొకడు ఆ పచ్చని నమ్ముకుని వచ్చేస్తే ఏం చేస్తారు? మీరు అటు ఇటు చూడకుండా వేగంగా వెళ్లి తగిలిస్తే సిగ్నల్ జంప్ కేసు నిలవదు గానీ, నిర్లక్ష్యం కేసు రావచ్చు. పరిహారం కేసులో ట్రైబ్యునల్ కొంత బాధ్యత మీ మీద పెట్టవచ్చు. పిలిచాక కూడా మొదటి గేరులోనే, అవతలి బండ్లు నిజంగా ఆగాయని చూసుకుని కదలండి.

ఇక ఈ హక్కు ఎవరికి ఉందన్నది. యూనిఫాంలో ట్రాఫిక్ డ్యూటీ చేస్తున్న పోలీసుకి ఉంది. పోలీసులతో కలిసి అదే డ్యూటీకి వేసిన హోంగార్డు చెప్పినా ఆగండి, వెళ్లమంటే వెళ్లండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికో, అంతర్వేది కల్యాణానికో వెళ్లే దారిలో మెళ్లో తువ్వాలు, చేతిలో విజిల్ పెట్టుకుని బండ్లు మళ్లించే కుర్రాళ్లుంటారు. చేసేది మంచి పనే, వాళ్లు ఆగమంటే ఆగడంలో నష్టం లేదు. కానీ ఎర్ర లైటుండగా వాళ్లు రమ్మంటే వెళ్లకండి. లారీ వెనక్కి తీయించే క్లీనరు చెయ్యి కూడా అంతే. పోలీసు అయినా పక్కన కొట్టు దగ్గర నిలబడి ఫోను మాట్లాడుతూ చెయ్యి ఆడిస్తే దాన్ని సిగ్నల్ అనుకోవద్దు. ఆ క్షణంలో ఆయన ట్రాఫిక్ నడిపిస్తూ ఉండాలన్నదే సెక్షన్ 119 పెట్టిన షరతు.