అన్‌లెస్ పక్కన ఇంకో నాట్ ఎందుకు పెట్టకూడదు?

ప్రశ్న: "అన్‌లెస్ యు డోంట్ కమ్, ఐ వోంట్ గో" అని రాస్తే మా సార్ కొట్టేశారు. నువ్వు రాకపోతే నేను వెళ్లను అనే కదా దానర్థం? ఇఫ్ నాట్ పెట్టి రాస్తే సరిపోతుందా?

సార్ కొట్టేసింది సబబే. ఆ వాక్యం రాసింది రాసినట్టే చదివితే "నువ్వు రాకుండా ఉంటేనే నేను వెళ్తాను" అని వస్తుంది. అంటే మీరు స్నేహితుణ్ణి పిలవడం లేదు, రావొద్దంటున్నారు. "అన్‌లెస్ యు కమ్, ఐ వోంట్ గో" అనండి, లేదా "ఇఫ్ యు డోంట్ కమ్, ఐ వోంట్ గో" అనండి. రెండూ ఒప్పే.

ఇంతటితో ఆపొచ్చు గానీ, ఈ అన్‌లెస్ మీద నాకు పాత కక్ష ఉంది.

మాది కాశీబుగ్గ. పిల్లలకి ఇంగ్లిషు ట్యూషన్లు చెబుతాను. ఇక్కడ పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారులకి బయటి రాష్ట్రాల పార్టీలతో ఉత్తరాలు నడుస్తుంటాయి కాబట్టి, సాయంత్రాలు ఎవరో ఒకరు "మేస్టారూ, ఒకపాలి ఇది సూడండి" అని కాగితం పట్టుకొస్తారు. ఒకసారి ఒక వ్యాపారి ఫ్యాక్టరీకే పిలిపించాడు. వెళ్లేసరికి ఆడవాళ్లు బల్లల మీద గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు ఏరుతున్నారు. ఆయన మాత్రం ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. కోల్‌కతా పార్టీ ఒకటి పాత లోడు తాలూకు డబ్బు బాకీ పెట్టి, కొత్త సరుకు పంపమంటోంది. అప్పటికే బీకాం అయిన కొడుకు చేత ఈయన లెటర్‌హెడ్ మీద గట్టిగా ఒక ఉత్తరం రాయించి వాట్సాప్‌లో పంపాడు. అందులో అసలు వాక్యం ఇదీ: "అన్‌లెస్ యు డు నాట్ క్లియర్ ది బ్యాలెన్స్, వి విల్ నాట్ డిస్పాచ్ ది గూడ్స్."

అవతలి వాడు గడుసువాడు. ఆ ఉత్తరం ఫొటో మీదే నాట్ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి తిరిగి పంపాడు. కింద హిందీలో, మీ ఉత్తరం ప్రకారమే నేను డబ్బు కట్టలేదు, ఇక సరుకు ఎప్పుడు పంపుతారు అని.

"సూడండి మేస్టారూ, ఈడు ఏటంటన్నాడో! డబ్బు కట్టకపోతేనే సరుకు పంపుతావని మనవే రాసేమట!" అని పెద్దాయన కేకలు. కొడుకు మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"బాబూ, అన్‌లెస్ అంటే ఏమిటని చెప్పారు నీకు?" అని అడిగాను.

"కపోతే అని చెప్పేరండి."

"మరి పక్కన డు నాట్ ఎందుకు పెట్టావు?"

"కట్టకపోతే అన్నాక నాట్ నేకపోతే ఎలాగండి?"

మొత్తం రోగం ఆ ఒక్క జవాబులో ఉంది. కుర్రాణ్ణి అనడానికేమీ లేదు. గైడుల్లో "అన్‌లెస్ = ఇఫ్ నాట్ = కపోతే" అని ఒక గీత గీసి వదిలేస్తారు. తెలుగులో "కట్టకపోతే" అన్నప్పుడు కాదనడమూ, షరతూ రెండూ ఒకే మాటలో కలిసిపోయి ఉంటాయి. దాన్ని ఇంగ్లిషులో పెట్టేటప్పుడు పిల్లవాడు షరతు కోసం అన్‌లెస్ తెస్తాడు, కాదనడం కోసం నాట్ తెస్తాడు. అన్‌లెస్ లోపల కాదనడం ముందే ఉందని ఆ గీత చెప్పదు. నన్నడిగితే ఆ గీతని పుస్తకాల్లోంచి తీసేస్తే మన జిల్లాలో సగం తప్పులు ఆ రోజే పోతాయి.

నేను చెప్పే పద్ధతి వేరు. అన్‌లెస్‌కి తెలుగులో "కపోతే" అనుకోవద్దు, "తే తప్ప" అనుకోండి. నువ్వు వస్తే తప్ప నేను వెళ్లను. డబ్బు కడితే తప్ప సరుకు పంపం. చూడండి, తప్ప ముందు ఉన్న మాట "వస్తే", "కడితే". అక్కడ "క" లేదు. ఇంగ్లిషులోనూ అంతే: అన్‌లెస్ యు కమ్, అన్‌లెస్ యు క్లియర్. తెలుగు వాక్యంలో లేని నాట్‌ని తెచ్చి పెట్టాలని చెయ్యి లాగదు.

ఆ కుర్రాడి చేత బిల్లు పుస్తకం వెనక ఇలా రాయించాను. ముందు అన్‌లెస్ ముక్క పక్కన పెట్టి రెండో సగం ఒక్కటే రాయి: వి విల్ నాట్ డిస్పాచ్ ది గూడ్స్. సరుకు పంపం. ఇది మామూలు స్థితి. ఈ స్థితి ఎప్పుడు మారుతుంది? వాడు బాకీ తీరిస్తే. ఆ ఒక్క మినహాయింపునే అన్‌లెస్ వెనక పెట్టాలి. మినహాయింపు "తీర్చడం" కాబట్టి "అన్‌లెస్ యు క్లియర్ ది బ్యాలెన్స్". కుర్రాడు రాసిన "డు నాట్ క్లియర్" వల్ల ఏమైంది? తీర్చకపోవడమే మినహాయింపు అయి కూర్చుంది. కోల్‌కతా వాడు వెక్కిరించినా, వ్యాకరణం ప్రకారం తప్పు చదవలేదు.

ఇఫ్ నాట్ తో రాస్తే రెండు నాట్‌లు ఉంటాయి, ఉండాలి కూడా: "ఇఫ్ యు డు నాట్ క్లియర్ ది బ్యాలెన్స్, వి విల్ నాట్ డిస్పాచ్." రెండు కాదనడాలు ఒక వాక్యంలో ఉంటే తప్పని కొందరు భయపడి ఒకటి కొట్టేస్తారు. అక్కర్లేదు. ఒకటి షరతుకి, ఇంకొకటి ఫలితానికి. వేటి పని వాటిది. చిక్కల్లా ఒకే సగంలో అన్‌లెస్, నాట్ రెండూ చేరినప్పుడే. చివరికి ఆ వ్యాపారికి నేను రాసిచ్చింది ఈ రెండూ కాదు: "వి విల్ డిస్పాచ్ ది గూడ్స్ ఓన్లీ ఆఫ్టర్ యు క్లియర్ ది బ్యాలెన్స్." డబ్బు సంగతి రాసేటప్పుడు కాదనే మాటలు ఎంత తక్కువ ఉంటే అంత మేలు. తర్వాత రెండు విడతల్లో కట్టాడట ఆ కోల్‌కతా మనిషి.

ఇక మీ రెండో ప్రశ్న, ఇఫ్ నాట్ పెడితే సరిపోతుందా అని. అన్‌లెస్ ఉన్నచోట ఇఫ్ నాట్ దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. ఇఫ్ నాట్ ఉన్నచోటల్లా అన్‌లెస్ సరిపోదు. పరీక్షల్లో "అన్‌లెస్ ఉపయోగించి తిరిగి రాయండి" అని ఏ వాక్యం పడితే అది ఇచ్చేస్తారు, అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. "నువ్వు పెళ్లికి రాకపోతే అమ్మ బాధపడుతుంది" అనుకోండి. "మదర్ విల్ ఫీల్ బ్యాడ్ ఇఫ్ యు డోంట్ కమ్" అంటే బాగుంది. అదే "మదర్ విల్ ఫీల్ బ్యాడ్ అన్‌లెస్ యు కమ్" అంటే, అమ్మ ఎలాగూ బాధలోనే ఉంటుంది, నువ్వొస్తే తప్ప అది తీరదు అన్నట్టు ధ్వనిస్తుంది. రాకపోవడమే బాధకి కారణమైనప్పుడు ఇఫ్ నాట్ వాడాలి. ఫలితం ముందే ఖాయమై ఉండి, దానికి ఒక మినహాయింపు చెప్పాల్సి వస్తే అన్‌లెస్ వాడాలి.

"తే తప్ప" పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది, దాచను. రెండో సగం అవుననే వాక్యమైతే తెలుగు మొరాయిస్తుంది. "అన్‌లెస్ ఇట్ రెయిన్స్, వి విల్ గో టు అరసవల్లి" అనేదాన్ని "వాన పడితే తప్ప అరసవల్లి వెళ్తాం" అంటే మన చెవికి ఆనదు. అప్పుడు మనసులో రెండో సగాన్ని తిప్పి చూసుకోండి: వాన పడితే తప్ప ప్రయాణం ఆగదు. ఇప్పుడు సరిపోయింది. మినహాయింపు వాన పడటమే కాబట్టి రెయిన్స్ దగ్గర నాట్ రాదు.

మీ సార్ ఒప్పుకోకపోవచ్చు గానీ, అన్‌లెస్ పక్కన డోంట్ నిజంగానే రావలసిన చోట్లూ ఉన్నాయి. "అన్‌లెస్ యు డోంట్ ఈట్ ఫిష్, స్టే ఫర్ లంచ్." చేపలు తినని మనిషివైతే తప్ప, భోజనానికి ఉండిపో. ఇక్కడ తినకపోవడమే మినహాయింపు, అందుకని నాట్ న్యాయంగా వచ్చింది. కాబట్టి డోంట్ కనపడగానే ఎర్ర గీత పెట్టే మాస్టార్లు కూడా వాక్యం పూర్తిగా చదవాలి. మీ వాక్యంలో మాత్రం అది తప్పే, అందులో మార్పు లేదు.

ఇంకో రకం కూడా మా పిల్లల కాగితాల్లో తెగ కనపడుతుంది: "కమ్ ఎర్లీ. అన్‌లెస్ ఐ విల్ గో." పెందరాళే రా, లేకపోతే నేను పోతాను అని వాడి ఉద్దేశం. "లేకపోతే" ఒంటరిగా నిలబడే మాట, అన్‌లెస్ అలా నిలబడదు, దాని వెనక షరతు పూర్తిగా ఉండాలి. అక్కడ అదర్‌వైజ్ గానీ, ఆర్ ఎల్స్ గానీ, ఇఫ్ నాట్ గానీ రాయాలి: "కమ్ ఎర్లీ. ఇఫ్ నాట్, ఐ విల్ గో." ఇఫ్ నాట్‌కి ఒంటరిగా నిలబడే ఓపిక ఉంది.

అంటిల్‌కీ ఇదే జబ్బు. "డబ్బు రానంతవరకు సరుకు కదలదు" అనుకుని "అంటిల్ ది మనీ డజ్ నాట్ కమ్" అని రాసేస్తారు. "వచ్చేవరకు" అని తిప్పుకుంటే "అంటిల్ ది మనీ కమ్స్" దానంతటదే వస్తుంది. ఇక అన్‌లెస్ సగంలో భవిష్యత్తు చెప్పాలని "అన్‌లెస్ యు విల్ కమ్" అని విల్ పెట్టకండి. "అన్‌లెస్ యు కమ్" అంటేనే రేపటి సంగతి, విల్ రెండో సగంలో ఎలాగూ ఉంది.