59 బెంచీల లోటుకు అకౌంటెంట్ జీతం కోయవచ్చా?

ప్రశ్న: ఓ సొసైటీ నడిపే ప్రైవేటు హైస్కూల్లో తొమ్మిదేళ్లుగా అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. ఈ ఏడాది ఆడిటర్ ఫర్నిచర్‌కు నంబర్లు వేసి లెక్క చూడమన్నారు. లెడ్జర్‌లో 320 డ్యూయల్ డెస్కులు ఉంటే లెక్కలో 261 తేలాయి. లోటు 59. ఒక్కోటి 3,200 చొప్పున 1,88,800 రూపాయలు నా జీతంలో పట్టుకుంటామని, ఒప్పుకుంటూ లెటర్ రాసివ్వమని కరస్పాండెంట్ అంటున్నారు. ఇవ్వకపోతే పోలీసు కేసు పెడతారట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఆ లెటర్ ఇవ్వకండి. ఒకసారి సంతకం పెట్టాక, అది నిజం కాదని నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. 59 అనేది ఇప్పటికి రెండు కాగితాల మధ్య తేడా మాత్రమే, పోయిన బెంచీల సంఖ్య కాదు. తేడా ఎందుకొచ్చిందో తేలాకే ఎవరినైనా అడగాలి.

లోగడ నా దగ్గరకు ఇలాంటిదే ఒక స్కూల్ వ్యవహారం వచ్చింది. పుస్తకంలో 500 డెస్కులు, లెక్కలో 446, తేడా 54. అక్కడా గుమస్తా మీదే పడ్డారు. మేం పాత బిల్లులు, వోచర్లు ముందేసుకుని కూర్చున్నాం. మొదట బయటపడిందేమో లోటును ఇంకా పెంచింది. ఆ 446లో పూర్వ విద్యార్థులు ఇచ్చిన 14 డెస్కులు కలిసిపోయాయి. వాటిని లెడ్జర్‌లో ఎప్పుడూ ఎక్కించలేదు. అంటే కొన్నవాటిలో కళ్లకు కనిపించేవి 432 మాత్రమే, అసలు తేడా 68. ఇది చెప్పినప్పుడు మా గుమస్తా ముఖం పాలిపోయింది.

తర్వాత ఒక్కో ముడీ విడింది. 16 డెస్కులు ఇదే సొసైటీ వారి ప్రైమరీ బ్రాంచిలో దొరికాయి. ఆటోలో పంపినప్పటి కిరాయి వోచర్ ఉంది, లెడ్జర్‌లో మార్పు లేదు. వంటషెడ్డు వెనక విరిగిన ఫ్రేములు 12 ఉన్నాయి. లెక్కించినవాళ్లు ‘బాగున్నవి’ మాత్రమే రాసుకున్నారు. మరో 17 పాత ఇనుము కొట్టుకు అమ్మేశారు. ఆ డబ్బు ఇతర ఆదాయం కింద జమైంది కానీ ఆస్తుల పద్దులోంచి డెస్కులను తీసేయలేదు. ఇక అసలు చిక్కు ఒక బిల్లులో ఉంది. దానిమీద ‘20 సెట్లు’ అని రాసి ఉంది. సెట్ అంటే బల్ల, కూర్చునే బెంచీ కలిపి. ఎక్కించినవాడు వాటిని విడివిడిగా లెక్కేసి 40 అని రాశాడు. డబ్బు సరిగ్గానే ఉంది, సంఖ్యే తప్పు. ఆ 20 డెస్కులు ఎన్నడూ స్కూల్ గేటు దాటి లోపలికి రాలేదు, ఇక పోయేదేముంది? 16, 12, 17, 20 కలిపితే 65. నిజంగా జాడ లేనివి మూడు.

మీ దగ్గర కూడా ఇదే తేలుతుందని నేను చెప్పలేను. కానీ వెతకాల్సిన చోట్లు ఇవే. అందుకే లెక్క రెండు వైపుల నుంచీ జరగాలి. పుస్తకంలో ఉన్నది గదిలో ఉందా అని చూడటం ఒకటి, గదిలో ఉన్నది పుస్తకంలో ఉందా అని చూడటం రెండోది. చాలా స్కూళ్లలో మొదటిది మాత్రమే చేస్తారు. అప్పుడు దానంగా వచ్చినవి లోటును కప్పేస్తాయి. అలాంటివాటిని రూపాయి లాంటి నామమాత్రపు విలువతోనైనా పద్దులోకి తేవాలి.

మళ్లీ లెక్కపెట్టమని రాతపూర్వకంగా అడగండి. పిల్లలు లేని ఆదివారం, ఒకే రోజున, బ్రాంచితో సహా జరగాలి. ఇద్దరు లెక్కించాలి, వారిలో ఒకరు అకౌంట్స్‌తో సంబంధం లేనివారై ఉండాలి. లెక్కించిన వెంటనే నంబరు వేస్తే, నంబరు లేనిది ఇంకా లెక్కలోకి రానట్టే, రెండుసార్లు లెక్కించే ప్రమాదమూ ఉండదు. కాగితం స్టిక్కర్లు మాత్రం వద్దు. పిల్లల గోళ్ల ముందు అవి వారం కూడా నిలవవు. ఫ్రేముకు అడుగున పెయింట్‌తో స్టెన్సిల్ కొట్టించడమో, చిన్న అల్యూమినియం రేకు బిగించడమో చేయించండి. నంబరులో గది పేరు చేర్చవద్దు. పరీక్షలు రాగానే బెంచీలు ఊరేగుతాయి. ఏ గదిలో ఏ నంబర్లున్నాయో విడిగా జాబితా రాసి, దానిమీద క్లాస్ టీచర్ సంతకం తీసుకోండి.

ఇప్పుడు చట్టం సంగతి. వేతనాల కోడ్, 2019 అనే చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది, ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. పోయిన వస్తువుకు జీతంలో కోత వేయాలంటే అది ప్రత్యేకంగా మీ సంరక్షణకు అప్పగించినదై ఉండాలి, పోవడానికి మీ నిర్లక్ష్యమో తప్పో నేరుగా కారణమై ఉండాలి. కోతకు ముందు మీ సంజాయిషీ వినాలి. కోత అసలు నష్టాన్ని మించకూడదు. పద్దు రాయడం వేరు, వస్తువు కాపలా వేరు. ఫర్నిచర్ మీకు అప్పగించినట్టు నియామక ఉత్తర్వులోనో మరే కాగితంలోనో ఉందేమో చూసుకోండి. తాళాలు అటెండర్ దగ్గర, గదులు టీచర్ల చేతిలో ఉంటే ఆ మాట జవాబులో రాయండి. (ప్రభుత్వ బడుల్లో పనిచేసేవారికి సర్వీసు నిబంధనలు వేరు. ఇది వారికి వర్తించదు.)

3,200 లెక్క కూడా నిలబడదు. అది కొన్న ధర. 2018-19లో కొన్న డెస్కుకు ఏటా మిగిలిన విలువ మీద 10 శాతం తరుగు తీస్తే 2025 మార్చి నాటికి పుస్తక విలువ సుమారు 1,530 రూపాయలు. ఏడేళ్లు పిల్లలు ఎక్కి దిగిన బెంచీకి కొత్త ధర అడగడం నష్టపరిహారం అనిపించుకోదు.

పోలీసు కేసు మాటకొస్తే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316లోని నమ్మకద్రోహం నేరానికి వస్తువు అప్పగించి ఉండాలి, దాన్ని దురుద్దేశంతో సొంతానికి వాడుకున్నట్టు తేలాలి. లెక్క తగ్గడం ఒక్కటే చాలదు. మీరు నిజంగా భయపడాల్సింది సెక్షన్ 344కి. మోసం చేసే ఉద్దేశంతో గుమస్తా లెక్కలు మార్చితే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. ‘ఎలాగోలా టాలీ చేసేయ్’ అని ఎవరన్నా లెడ్జర్‌లో 320 కొట్టేసి 261 వేయవద్దు, లేని డెస్కులకు నంబర్లు పుట్టించవద్దు, పాత తేదీతో తుక్కు వోచర్ రాయవద్దు. పాత అంకె అలాగే ఉండాలి. ప్రతి సవరణా నేటి తేదీతో, కారణంతో పడాలి. చివరికి జాడ దొరకనివాటిని పద్దులోంచి తీసేయడం సొసైటీ కార్యవర్గం తీర్మానంతో జరగాలి. ఆ పని మీ కలంతో జరగకూడదు.

కరస్పాండెంట్‌కు ఈ వారంలోనే నాలుగు వాక్యాల ఉత్తరం ఇవ్వండి: తేడా ఇంకా సరిచూడలేదని, ఫర్నిచర్ సంరక్షణ మీకు అప్పగించలేదని (అది నిజమైతేనే), బిల్లులు, తుక్కు వోచర్లు, బ్రాంచి జాబితా చూపించమని, రెండోసారి లెక్కకు మీరు సిద్ధమని. కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి, ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఇంతలోనే జీతం కోసేస్తే పే స్లిప్పు దాచుకోండి. కోడ్ కింద నియమితులైన అధికారి ముందు మూడేళ్లలోగా క్లెయిమ్ వేయవచ్చు. మీ జిల్లా కార్మిక శాఖ కార్యాలయంలో ఆ అధికారి ఎవరో చెబుతారు.