రెండు లీటర్ల నీళ్లు, ఆరు కిలోల రాయి, ఏప్రిల్ పదో తేదీ

ప్రశ్న: నిర్మల్ వైపు పొలంలో ఆకాశం నుంచి పడిందని చెప్పి ఒకాయన నల్లటి బరువైన రాయి అమ్మాడు. 2023 ఏప్రిల్ 12న ఐదు లక్షలు ఇచ్చాను: రెండు బ్యాంకు ద్వారా, మూడు నగదుగా. నగదుకు రసీదు లేదు. ‘నిఖార్సయిన ఇనుప ఉల్క’ అని కాగితం మీద రాసి సంతకం చేశాడు. అయస్కాంతం అతుక్కుంటుంది. బరువు 6.4 కిలోలు, నిండు బకెట్లో ముంచితే రెండు లీటర్ల నీళ్లు పొర్లాయి. పైన పాకం జారినట్లు మడతలు, విరిగిన మూలలో గాజులా మెరుపు, చిన్న చిల్లులు ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టులో మా ఊరి కమ్మరి ఇది ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం అన్నాడు, నమ్మలేదు. ఇప్పుడు కాలేజీ లెక్చరర్ కూడా అదే అన్నారు. అమ్మాయి పెళ్లికి దాచిన డబ్బు అది. బెంగళూరు నుంచి ఒకాయన ఆరు లక్షలకు కొంటానంటున్నాడు. అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకండి. ఎందుకో తరువాత చెబుతాను. మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట పెళ్లి డబ్బు గురించినది కాదు, అయస్కాంతం గురించినది కూడా కాదు. అమ్మినవాడి కాగితంలో ఉన్న ‘ఇనుప ఉల్క’ అనే మాట. దాన్ని అబద్ధమని నిరూపించే సాక్ష్యం మీ బకెట్లోనే ఉంది.

రెండు లీటర్ల నీటిని పొర్లించిన రాయి ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. అంటే అదే పరిమాణంలోని నీటికి 3.2 రెట్ల బరువు. ఇనుప ఉల్క ఇనుము, నికెల్‌లతో కూడిన లోహపు ముద్ద కాబట్టి దాదాపు 7.8 రెట్లు ఉంటుంది. అంత పరిమాణంలో నిజమైన ఇనుప ఉల్క అయితే పదిహేను కిలోలు దాటాలి, దాన్ని ఒక చేత్తో ఎత్తడం కష్టం. మంచి ఇనుప ఖనిజం అయినా ఐదు రెట్లకు అటూ ఇటూ ఉంటుంది, అంటే పది కిలోలు. మీ రాయి దానికీ చాలదు. అమ్మినవాడు రాసిచ్చిన మాట తూకం దగ్గరే పడిపోయింది.

కానీ ఇక్కడితో ఆగితే ప్రతివాది తరపు న్యాయవాది లేచి, “ఇనుప ఉల్క కాకపోతే రాతి ఉల్క కావచ్చు కదా” అంటారు. అది అడగదగిన ప్రశ్నే. సాధారణ రాతి ఉల్కలు 3.2 నుంచి 3.8 రెట్ల మధ్య ఉంటాయి, కొలిమి చిట్టెం కూడా ఆ దగ్గరలో తూగగలదు. అక్కడ బరువు ఏమీ తేల్చదు, ఉపరితలం తేల్చాలి. ఉల్క గాలిలో దూసుకువస్తూ పైపైన మాత్రమే కరుగుతుంది. అందుకే దానికి మిల్లీమీటరు మందమో అంతకంటే తక్కువో ఉన్న నల్లని పెంకు ఉంటుంది. పెంకు రాలిన చోట లోపలి రాయి లేత బూడిద రంగులో, గట్టిగా, ఇసుక రేణువుల్లాంటి లోహపు మెరుపులతో కనిపిస్తుంది. కొన్నింటి మీద తడి పిండిని బొటనవేలితో నొక్కినట్లు గుంటలు పడతాయి. చిట్టెం అలా కాదు. అది కొలిమిలో మొత్తంగా కరిగి, బుడగలు కక్కుతూ పారి చల్లారిన పదార్థం. అందుకే పాకం జారిన మడతలు, గాజు మెరుపు, లోపలి దాకా చిల్లులు. ఉల్కల్లో ఇలాంటి చిల్లులు చాలా అరుదు. మీరు రాసిన మూడు గుర్తులూ చిట్టెం వైపే చూపిస్తున్నాయి. నిర్మల్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో పూర్వం ఊరూరా ఇనుము కరిగించేవారు. ఆ ప్రాంతంలోని కోనసముద్రం అనే ఊరి ఉక్కు విదేశాలకు వెళ్లింది. అక్కడి పొలాల్లో చిట్టెం దొరకడం వింతేమీ కాదు.

అయస్కాంతం అతుక్కోవడం ఎందుకు సాక్ష్యం కాదో కూడా చెప్పాలి. చిట్టెంలో మిగిలిపోయిన ఇనుముకూ అతుక్కుంటుంది, మాగ్నటైటు అనే ఇనుప ఖనిజానికి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. ఖనిజమా అన్న అనుమానం ఉంటే, టైలు వెనుక గరుకు వైపు గీసి చూస్తారు. ఎర్రమట్టి రంగు గీత పడితే హెమటైటు అనే ఇనుప ఖనిజం, నల్లని గీత పడితే మాగ్నటైటు. ఉల్క సాధారణంగా గీత వదలదు. చివరి మాట మాత్రం ప్రయోగశాలది. ఉల్కలోని లోహంలో నికెల్ సాధారణంగా ఐదు శాతమో అంతకంటే ఎక్కువో ఉంటుంది, కొలిమి ఇనుములో దాదాపు ఉండదు.

ఇప్పుడు గడువు. మీకు కోపం వచ్చినా చెప్పక తప్పదు: కమ్మరి పెద్దాయన 2023లోనే చిట్టెం అన్న తరువాత రెండున్నరేళ్లు ఊరుకోవడం నిర్లక్ష్యం. లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మోసం తెలిసిన రోజు నుంచో, తగిన జాగ్రత్త తీసుకుంటే తెలియగలిగిన రోజు నుంచో మూడేళ్లు లెక్కిస్తారు. లెక్చరర్ చెప్పిన రోజు నుంచి లెక్కించమని మీరు అడిగితే, ప్రతివాది ఆగస్టు నాటి కమ్మరి మాట చూపిస్తాడు. లేదా బకెట్టు పరీక్ష మొదటి రోజే చేసి ఉండవచ్చు కదా అంటాడు. ఈ వాదనలో పడకుండా, డబ్బు ఇచ్చిన రోజు నుంచే లెక్క వేసుకోండి. 2026 ఏప్రిల్ 12 ఆదివారం, 11 రెండో శనివారం. కోర్టు సెలవు రోజున గడువు ముగిస్తే తెరిచిన రోజున వేసుకునే వీలు చట్టంలో ఉంది, కానీ దాని మీద ఆధారపడకండి. శుక్రవారం, ఏప్రిల్ 10 లోపు దావా కోర్టులో పడాలి. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగదు. పోలీసు ఫిర్యాదు ఇచ్చినా సివిల్ గడువు ఆగదు. రెండూ చేయండి, కానీ వాటి జవాబు కోసం ఎదురుచూస్తూ దావా ఆపకండి. అమ్మినవాడు గడువులోగా బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం చేస్తేనే కొత్తగా మూడేళ్లు వస్తాయి.

బెంగళూరు బేరం సంగతి. లెక్చరర్ మాట విన్న తరువాత ఆ రాయిని ఉల్క అని అమ్మితే, మీకు జరిగిన మోసాన్ని మీరే మరొకరికి చేసినట్లు. అప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద నిందితులు మీరే. పైగా మీ దావాకు ప్రాణం ఆ రాయి. ఒప్పందం రద్దు కోరేవారు తీసుకున్న వస్తువును తిరిగి ఇవ్వగలగాలి, అది చేతిలో లేకుంటే ఏమని నిలబడతారు? అదే కారణంతో దాన్ని కోయించకండి, యాసిడ్ పోయకండి, రుద్దకండి. తూకం వేసేటప్పుడు ఫొటోలు, వీడియో తీసి, గుడ్డ సంచిలో పెట్టి ఇద్దరు సాక్షుల సంతకాలతో సీలు వేయండి.

దావాతో పాటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 10ఏ కింద శాస్త్రీయ పరీక్షకు కమిషనర్‌ను నియమించమని దరఖాస్తు వేయండి. మీరే ప్రైవేటు ల్యాబులో చేయించిన నివేదిక కంటే, కోర్టు ద్వారా పంపిన నమూనా నివేదికను కొట్టిపారేయడం ప్రతివాదికి కష్టం. హైదరాబాద్ బండ్లగూడలో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం ఉంది. దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత ఆ సంస్థదే. పరీక్షకు దాని పేరు సూచించవచ్చు.

మూడు లక్షల నగదే మీ కేసులో బలహీనమైన చోటు. ఐదు లక్షలు ముట్టాయని అతను ఎక్కడైనా వాట్సాప్‌లో రాశాడా చూడండి. ఒక్క సందేశం దొరికినా ఆ ఫోను మార్చకండి, సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాఖలు చేయవచ్చు. దొరకకపోతే డబ్బు ఇచ్చేటప్పుడు పక్కన ఉన్నవారి సాక్ష్యం, ఆ వారంలో మీ ఖాతా నుంచి నగదు తీసిన వివరం సిద్ధం చేసుకోండి. పోలీసు ఫిర్యాదులో సెక్షన్ సరిగ్గా ఉండేలా చూసుకోండి. న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన 2024 జూలైకి ముందే మోసం జరిగింది కాబట్టి దానికి వర్తించేది పాత ఐపీసీ 420. ఈ వారమే కాగితాలన్నీ తీసుకుని స్థానిక న్యాయవాదిని కలవండి.