చమురు ధర పడితే కువైట్ దినార్ కూడా పడుతుందా?

“మాది నెల్లూరు దగ్గర పల్లె. తమ్ముడు కువైట్‌లో డ్రైవరు. చమురు ధర పడితే రష్యా రూబుల్ పడిపోయిందట కదా, దినార్ కూడా పడుతుందా? దాచుకున్నది ఇప్పుడే పంపించమనాలా?”

అన్నా, ఆ భయంతో తొందరపడవద్దు.

2014 నాటికి రష్యా చమురు కంపెనీలకు ఎక్కువగా డాలర్లే వచ్చేవి. జీతాలు, పన్నులు కట్టేది రూబుళ్లలో. అందుకే డాలర్లు అమ్మి రూబుళ్లు కొనేవి. చమురు ధర పడితే అమ్మకానికి వచ్చే డాలర్లు తగ్గేవి, రూబుల్ చవకయ్యేది. 2014 జూన్‌లో పీపా చమురు సుమారు 115 డాలర్లు, డాలరుకు 34 రూబుళ్లు. ఏడాది చివరికి చమురు 60 డాలర్ల లోపుకు దిగింది, డాలరు 56 రూబుళ్లు దాటింది. ఆంక్షల దెబ్బ కూడా అందులో ఉంది.

కువైట్‌లో చమురు ప్రభుత్వానిది, డాలర్లు నేరుగా దానికే చేరతాయి. 2007 నుంచి దినార్ విలువను కొన్ని విదేశీ కరెన్సీల బుట్టకు కట్టి, కేంద్ర బ్యాంకు నిలబెడుతోంది. అందుకే దెబ్బ మారకపు రేటు మీద కాక ప్రభుత్వ బడ్జెట్ మీద పడుతుంది. పనులు ఆగుతాయి, కాంట్రాక్టర్ల బిల్లులు నిలిచిపోతాయి. మీ తమ్ముడి యజమాని కాంట్రాక్టరైతే చూడవలసింది జీతం వేళకు వస్తోందా అన్నదే.

ఇంటికి చేరే మొత్తాన్ని ఎక్కువగా మార్చేది మన రూపాయి. పంపే ముందు దినార్–రూపాయి రేటు చూడమనండి.