వైజాగ్ సిమ్‌కి సింగపూర్‌లో సిగ్నల్ ఎలా వస్తుంది?

వచ్చే నెల ఎంవీపీ కాలనీ నుంచి సింగపూర్ వస్తున్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నయ్యా, బ్యాంక్ ఓటీపీల కోసం నా ఎయిర్‌టెల్ సిమ్ ఉంచుకుంటాను. అక్కడ ఎయిర్‌టెల్ టవర్లు లేవు కదా, మెసేజ్ ఎలా వస్తుంది?"

తమ్ముడూ, నీ ఫోన్ నంబర్ కాకుండా సిమ్‌లో ఇంకో నంబర్ ఉంటుంది. ఐఎంఎస్ఐ అంటారు, సాధారణంగా 15 అంకెలు. మొదటి మూడంకెలు మొబైల్ కంట్రీ కోడ్. డయల్ చేసే 91తో దీనికి సంబంధం లేదు. మన దేశానికి 404, 405 వాడుతున్నారు. ఆ తర్వాతి రెండు మూడు అంకెలు నెట్‌వర్క్ కోడ్. మన దగ్గర ఒకే కంపెనీకి కూడా సర్కిల్‌కో కోడ్ ఉంటుంది. ఆంధ్రా, తెలంగాణ సర్కిల్‌లో ఎయిర్‌టెల్‌ది 404-49. వేరే కంపెనీకి పోర్ట్ అయితే నంబర్ పాతదే ఉంటుంది కానీ, కొత్త సిమ్‌లో కోడ్ ఆ కంపెనీదే.

చాంగీలో దిగి ఫోన్ ఆన్ చేశావనుకో. అక్కడి టవర్లన్నీ తమ కోడ్ చెబుతూనే ఉంటాయి: సింగ్‌టెల్ 525-01, ఎం1 525-03, స్టార్‌హబ్ 525-05. నీ ఫోన్ 404-49 కోసం వెతికి, దొరక్క, వీటిలో ఒకదాని తలుపు తడుతుంది. ఆ నెట్‌వర్క్ నీ సిమ్ ముందు అంకెలు చూసి, ఆ కంపెనీతో తనకు రోమింగ్ ఒప్పందం ఉంటే ఇండియాకి కబురు పెడుతుంది. సిమ్ అసలైనదో కాదో తేల్చే రహస్య తాళం నీ సిమ్‌లోనూ ఎయిర్‌టెల్ దగ్గరా మాత్రమే ఉంటుంది. అందుకే ఎయిర్‌టెల్ ఆ తాళం ఇవ్వదు. ఒక ప్రశ్న, దానికి రావలసిన జవాబు మాత్రం పంపుతుంది. సిమ్ సరైన జవాబు చెబితే లోపలికి రానిస్తారు. నువ్వు ఏ నెట్‌వర్క్‌లో ఉన్నావో ఎయిర్‌టెల్ తన రిజిస్టర్‌లో రాసుకుంటుంది. బ్యాంక్ ఓటీపీ ముందు ఇండియాకే వెళ్లి, ఆ రిజిస్టర్ చూసుకుని నీ దగ్గరికొస్తుంది.

గడబిడ జరిగేది ఇక్కడే. టవర్ కనిపిస్తున్నా "ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే" అని వస్తే, తలుపు దగ్గరే వద్దన్నారని అర్థం: ఒప్పందం లేదు, లేదా నీ నంబర్‌కి రోమింగ్ ఆన్ చేయలేదు. ఒకసారి కాదన్న నెట్‌వర్క్‌ని సిమ్ నిషేధ జాబితాలో రాసుకుని, ఫోన్ తనంతట తాను మళ్లీ అటు పోదు. రోమింగ్ తర్వాత ఆన్ చేయించినా సిగ్నల్ రాకపోతే, సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ తీసేసి ఆ నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకో. ఫ్లైట్ ఎక్కకముందే వైజాగ్‌లోనే యాప్‌లో రోమింగ్ ఆన్ చేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

కాల్స్, మెసేజ్‌లు వస్తున్నాయి, నెట్ మాత్రం రావట్లేదంటే అది వేరే సంగతి. డేటా రోమింగ్ బటన్ ఆఫ్‌లో ఉంటుంది. ఉండనీ! ఓటీపీ ఎస్సెమ్మెస్‌కి డేటా అక్కర్లేదు, నెట్‌కి సింగపూర్ సిమ్ ఉంటుంది. ఇండియా నుంచి ఎవరైనా ఈ నంబర్‌కి ఫోన్ చేస్తే మాత్రం ఎత్తకు. రోమింగ్‌లో వచ్చిన కాల్‌కి కూడా డబ్బు కట్టేది నువ్వే. అమ్మకి వాట్సాప్‌లో చేయమని చెప్పు.