మేనకోడలికి, మీటర్ ఫొటోల సంగతి

చిరంజీవి తల్లికి, మామయ్య ఆశీస్సులు.

మీ బిల్డింగ్‌లో పన్నెండు ఇళ్ల సబ్‌మీటర్ల లెక్క ఇకనుంచి నువ్వే చూస్తావని నిన్న రాత్రి అక్క ఫోన్‌లో చెప్పింది. అందరూ నెలాఖరుకి మీటర్ ఫొటో తీసి పంపుతారట, నువ్వు అంకెలు చదివి ఎవరివి ఎన్ని యూనిట్లో తేలుస్తావట. పన్నెండు ఇళ్లవాళ్లు నిన్ను నమ్మారంటే నాకెంత సంతోషమో! కానీ అక్క ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. ఆ పని నేనూ పదకొండేళ్లు చేశాను. అందుకే ఈ ఉత్తరం.

లెక్క తేలికే. ఈ నెల రీడింగ్‌లోంచి పోయిన నెల రీడింగ్ తీసేస్తే వచ్చేదే వాడిన యూనిట్లు. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, మీటర్ మీద kWh అని ఉండేది అదే. తీసివేత నీకు నేర్పక్కర్లేదు. అసలు కష్టమంతా ఆ రెండు అంకెలూ సరిగ్గా చదవడంలో ఉంది.

మీ బిల్డింగ్‌లో నాలుగు ఇళ్లకి ఇంకా పాత ముళ్ల మీటర్లే ఉన్నాయని అక్క అంది. నా భయమంతా వాటి గురించే. వాటి మీద వరుసగా ఐదు చిన్న గడియారాలుంటాయి, ఎడమ నుంచి పదివేలు, వేలు, వందలు, పదులు, ఒకట్లు. కొన్నిటికి అన్నిటికన్నా కుడి చివర ఎర్రగా ఇంకొకటి ఉంటుంది. అది యూనిట్‌లో పదో వంతు, దాన్ని వదిలెయ్. ఇవన్నీ ఒకే వైపు తిరగవు. ఒకటి కుడికి తిరిగితే దాని పక్కది ఎడమకి తిరుగుతుంది, వాటి మీద అంకెలు కూడా అలాగే ఎదురెదురు వరుసల్లో అచ్చువేసి ఉంటాయి. గోడ గడియారం అలవాటుతో చూస్తే 3 ఉన్నచోట 7 అనుకుంటావు. అందుకని ముల్లు ఎటు వాలిందో చూసి ఊహించకు, దాని పక్కన అచ్చయిన అంకెల్నే చదువు. ముల్లు రెండు అంకెల మధ్య ఉంటే చిన్న అంకె తీసుకో. 9కీ 0కీ మధ్య ఉంటే మాత్రం 9, ఎందుకంటే అక్కడ 0 అంటే పది.

ఇంతవరకు నాకూ తెలుసు తల్లీ. తెలిసి కూడా తప్పు చేశాను.

కింద వాటాలో ఒక పెద్దావిడ ఒక్కరే ఉండేవారు. ఆవిడ మీటర్ పోయిన నెల 46,873. ఆ నెల ఫొటో ఎవరో వచ్చే పోయే కుర్రాడు పక్కనుంచి తీసి పంపాడు. ఎప్పటిలాగే ఎడమ నుంచి మొదలుపెట్టాను. పదివేలలో ముల్లు 4కీ 5కీ మధ్య, 4 రాశాను. వేలలో సరిగ్గా 7 మీద ఉన్నట్టు కనిపించింది, 7 రాశాను. వందల్లో 0 మీద ఉన్నట్టుంది, 0. పదులు 8, ఒకట్లు 7. మొత్తం 47,087. తీసివేస్తే 214 యూనిట్లు. ఆవిడకి ఎప్పుడూ నూటపది, నూటఇరవై దాటేది కాదు.

అక్కడ ఆగి ఫొటో మళ్లీ చూడాల్సింది. నేను ఆవిడ గుమ్మం దగ్గరికి వెళ్లాను. "చెప్పకుండా హీటర్ ఏమన్నా వాడుతున్నారా అమ్మా?" అని అడిగాను. పక్క వాటావాళ్లు వింటూనే ఉన్నారు. ఆవిడ లేదు నాయనా అని మెల్లగా అన్నారు. మర్నాడు 214 యూనిట్ల డబ్బూ తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

మరుసటి నెల ఫొటో ఎదురుగా నిలబడి తీసింది వచ్చింది. అందులో రీడింగ్ 47,063, అనుమానానికి తావే లేదు. అందులోంచి 47,087 తీసెయ్యబోయాను. 24 తక్కువ వచ్చింది! కరెంట్ వాడుకునే ఇంట్లో మీటర్ వెనక్కి తిరగదు కదా. అప్పుడు పాత ఫొటో పెద్దది చేసి ఈసారి కుడి నుంచి చదివాను.

ఒకట్లు 7. పదుల ముల్లు 8 దాటింది, 9కి ఇంకా చేరలేదు, కాబట్టి 8. పదులే ఇంకా 8 దగ్గరుంటే వందల ముల్లు 0ని ఎలా చేరుతుంది? పదులు పూర్తిగా ఒక చుట్టు తిరిగి 0 దాటితేనే వందలు ఒక అంకె ముందుకి పడతాయి. అంటే వందల ముల్లు 0కి ఆనుకుని కనిపించినా దాని అంకె 9. వందలు 9 అయితే వేల ముల్లూ ఇంకా 7కి చేరలేదు, దాని అంకె 6. పదివేలు ఎలాగూ 4. అసలు రీడింగ్ 46,987. ఆవిడ వాడింది 114 యూనిట్లు.

నేను ఒక్క గడియారం తప్పు చదివితే ఆ తప్పు పక్కదాన్ని కూడా లాగేసింది. వందలు 0 అనుకున్నాను కాబట్టి వేలు 7 అనడం సబబుగానే తోచింది. రెండు తప్పులు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. ఫొటో పక్కనుంచి తీయడం కూడా చేటు చేసింది. ముల్లు అంకెల పలకకి కొంచెం పైన ఉంటుంది, పక్కనుంచి చూస్తే జరిగినట్టు కనిపిస్తుంది. 0కి రవ్వంత ఇవతల ఉన్న ముల్లు సరిగ్గా 0 మీదకి ఎక్కేసింది.

డబ్బు తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆ రెండో నెల ఆవిడ వాడింది 76 యూనిట్లే అని అప్పటికే లెక్క తేలింది. ఎందుకు అంత తగ్గిందో గుమ్మంలోనే అర్థమైంది. విసనకర్ర చేతిలో ఉంది, ఫ్యాన్ ఆపి ఉంది. జరిగింది చెప్పి క్షమించమని అడిగాను. "అయితే ఫ్యాన్ వేసుకోవచ్చా నాయనా?" అన్నారు. ఇరవై ఏళ్లయింది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

రెండు నెలలు కలిపితే లెక్క ఎలాగూ సరిపోతుందిగా అని ఎవరైనా నీతో అంటే ఒప్పుకోకు. మొత్తం యూనిట్లు సరిపోతాయి, నిజమే. కానీ వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే పద్ధతి ఉన్నచోట, ఒక నెలలో లేని వంద యూనిట్లు చేరిస్తే ఆ నెల పై రేటు పడుతుంది. మరుసటి నెల తగ్గినా ఆ డబ్బంతా తిరిగి రాదు.

కాబట్టి ముళ్ల మీటర్ ఎప్పుడూ కుడి నుంచే చదువు. ఏ ముల్లయినా సరిగ్గా అంకె మీద నిలబడినట్టుంటే దాని కుడి పక్క గడియారాన్ని అడుగు. అక్కడ ముల్లు 0 దాటి 1, 2 దగ్గరుంటే ఈ అంకె పూర్తయినట్టు. 8, 9 దగ్గరుంటే ఇంకా పూర్తవలేదు, ఒకటి తగ్గించి రాయి.

డిజిటల్ మీటర్లు తేలికనుకుంటావేమో, వాటి మోసం వేరే రకం. తెర ఒకదాని తర్వాత ఒకటి చాలా చూపిస్తుంది. వోల్టేజీ, కరెంటు, తేదీ, అత్యధిక లోడు, అన్నీ తిరుగుతుంటాయి. పక్కన kWh అని ఉన్న తెరే నీకు కావాలి. kVAh అని కూడా ఒకటి వస్తుంది, చూడ్డానికి దాదాపు అదే అంకె, కానీ అది వేరే కొలత. ఫొటోలో 231.4 అని ఉంటే అది వోల్టేజీ కావచ్చు, దాన్ని రీడింగ్ అనుకుని కంగారుపడకు. అన్నీ 8లే కనిపిస్తే అది తెర తనను తాను పరీక్షించుకోవడం. ఫొటో బదులు తెర ఒక చుట్టు తిరిగేదాకా వీడియో తియ్యమంటే ఈ బాధ చాలా తగ్గుతుంది.

చుక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకో. 08452.6 అన్న తెరలో ఆ చుక్క ఫొటోలో మాయమైతే 84,526 అయి కూర్చుంటుంది. పోయిన నెల 8,338 ఉన్న మీటర్ ఈ నెల ఎనభై వేలు దాటదు కదా. అసలు వాడకం 8,452లోంచి 8,338 పోగా 114. చుక్క తర్వాతి అంకె వదిలెయ్, కానీ ప్రతి నెలా వదిలెయ్. ఒక నెల కలిపి ఒక నెల మానకు.

ఇంకొకటి. మీటర్ అంకెలన్నీ 9 అయ్యాక మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పోయిన నెల 99,940, ఈ నెల 00,055 అని వస్తే బెదరకు. ఐదంకెల మీటర్ కాబట్టి 55కి లక్ష కలిపి అందులోంచి 99,940 తియ్యి, 115 వస్తుంది. కానీ పాత రీడింగ్ తొంభై తొమ్మిది వేల దరిదాపుల్లో లేకుండా ఇలా తక్కువ వస్తే అది చుట్టు తిరగడం కాదు. నువ్వు తప్పు చదివావు, లేదా మీటర్ మార్చారు, లేదా పక్కింటి మీటర్ ఫొటో వచ్చింది. అందుకే మీటర్ నంబర్ కూడా ఫొటోలో పడేలా తియ్యమను. తీసిన తేదీ రాయమను, పంపిన రోజే తీశారని అనుకోకు. ముప్పై రోజుల వాడకాన్నీ ముప్పై ఆరు రోజుల వాడకాన్నీ పక్కపక్కన పెట్టి ఎవరినీ అనుమానించకూడదు.

ఫొటో బాగా రాలేదని నువ్వే వెళ్లి స్టూలెక్కి మీటర్ పెట్టె తెరవడం, సీలు కదపడం, అద్దం మీద తడిగుడ్డ పెట్టి తుడవడం, ఇవేవీ చెయ్యకు. చేశావని తెలిస్తే ఊరుకోను. వెలుతురు చాలకపోతే టార్చ్ పక్కనుంచి వెయ్యమను. ఫ్లాష్ వేస్తే అద్దం మీద తెల్లటి మచ్చ సరిగ్గా కావాల్సిన అంకె మీదే పడుతుంది. ఫోన్ మీటర్‌కి ఎదురుగా, అంతే ఎత్తులో ఉండాలి. అందనంత ఎత్తులో ఉంటే ఇంకో ఫొటో అడుగు, నువ్వు ఎక్కకు.

ప్రతి ఇంటికీ పోయిన మూడు నెలల యూనిట్లు పక్కన రాసి పెట్టుకో. కొత్త అంకె వాటికి దూరంగా ఉంటే ముందు ఫొటో చూడు, తర్వాత లెక్క చూడు. అప్పటికీ తేలకపోతే "ఫొటో ఇంకోసారి పంపుతారా, నాకు సరిగ్గా కనబడలేదు" అని అడుగు. ఏం వాడారని మాత్రం అడగొద్దు తల్లీ.

మొదటి నెల ఆ నాలుగు ముళ్ల మీటర్ల ఫొటోలు నాకూ పంపు. నువ్వు ఎంత చదివావో చెప్పకు. నేను విడిగా చదివి రాసి పెట్టుకుంటాను, ఆ తర్వాత ఫోన్‌లో ఇద్దరం కుడి నుంచి ఒక్కొక్క అంకె చెప్పుకుందాం.

మీ మామయ్య